బ్లడ్ గ్రూపుకీ జాతికీ లంకె ఎందుకు కుదరదు?

ప్రశ్న: "నాది బి పాజిటివ్. మా ఆఫీసులో ఒకాయన 'బి అంటే ఆసియా జాతి, ఎ అంటే యూరప్ వాళ్లది, ఓ అంటే ఆదివాసులది' అని గట్టిగా చెప్తున్నాడు. మా నాన్నది ఎ, అమ్మది బి, చెల్లిది ఓ. ఇందులో నిజమెంత? బ్లడ్ గ్రూపును బట్టి మనిషి జాతి చెప్పొచ్చా?" (దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్)

చెప్పలేమండీ. ఎ, బి, ఓ మూడూ ప్రపంచంలో దాదాపు అన్ని జనాభాల్లోనూ కలిసే ఉన్నాయి. ప్రాంతాన్ని బట్టి మారేది వాటి పాళ్లు మాత్రమే. ఆ పాళ్లు కూడా చర్మం రంగునో ముక్కు తీరునో అనుసరించి మారవు. మీ ఆఫీసులో ఆయన చెప్పినదాంట్లో చిన్న నిజం ఉంది: మన దేశంలో బి ఎక్కువ, పశ్చిమ యూరప్‌లో ఎ ఎక్కువ. కానీ "ఎక్కువ" అన్న మాటను "వాళ్లదే" అని మార్చేసరికి లెక్క తప్పింది.

మొదటి రుజువు మీ ఇంట్లోనే ఉంది. మీ చెల్లిది ఓ కావాలంటే అమ్మ దగ్గర నుంచి ఒక ఓ, నాన్న దగ్గర నుంచి ఒక ఓ రావాలి. అంటే నాన్న రక్తం పరీక్షలో ఎ అని తేలినా ఆయన లోపల ఉన్న జత ఎ, ఓ. అమ్మది బి, ఓ. ఇలాంటి దంపతులకు పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగు దారులుంటాయి: నాన్న ఎ, అమ్మ బి ఇస్తే ఎబి, నాన్న ఎ, అమ్మ ఓ ఇస్తే ఎ, నాన్న ఓ, అమ్మ బి ఇస్తే బి, ఇద్దరూ ఓ ఇస్తే ఓ. ఒక్కో దారికి నాలుగింట ఒక వంతు అవకాశం. మీరు మూడో దారిలో వచ్చారు, మీ చెల్లి నాలుగో దారిలో. ఒకే కడుపున పుట్టిన నలుగురికి నాలుగు గ్రూపులు రావడానికి ఏ అడ్డూ లేదు. ఒకే తల్లిదండ్రుల పిల్లల్ని నాలుగు చోట్ల కూర్చోబెట్టే గుర్తు జాతి గుర్తు ఎలా అవుతుంది?

తెలుగులో "జాతి" అన్న మాట కూడా ఈ గందరగోళాన్ని పెంచుతుంది. తెలుగు జాతి, గిరిజన జాతులు, జంతు జాతులు అంటాం. మూడు చోట్లా అర్థం వేరు, మాట ఒకటే. ఇక్కడ నేను ఆ మాటను తెల్లవాళ్లు, నల్లవాళ్లు, ఆసియా వాళ్లు అంటూ చేసే విభజనకే వాడుతున్నాను.

అసలు ఆ అక్షరం దేన్ని చెప్తుంది

ల్యాబ్‌లో మీ రక్తం చుక్కలు రెండిటిని పలక మీద వేసి, ఒకదాంట్లో నీలం రంగు యాంటీ-ఎ ద్రావకాన్ని, రెండోదాంట్లో పసుపు రంగు యాంటీ-బి ద్రావకాన్ని కలుపుతారు. మీది బి కాబట్టి పసుపు కలిపిన చుక్క రెండు నిమిషాల్లోపే రవ్వరవ్వగా విడిపోతుంది. నీలం కలిపినది నున్నగా అలాగే ఉంటుంది. ఆ రవ్వలు ఒక్క సంగతే చెప్తున్నాయి: మీ ఎర్రకణాల పైనున్న చక్కెర గొలుసుల కొసన ఫలానా చక్కెర ఉంది, అంతే.

ఎర్రకణం పైన నూగులాగా చక్కెర గొలుసులుంటాయి. దాదాపు అందరిలోనూ ఉండే ఆ పునాది గొలుసును హెచ్ అంటారు. దాని కొసకు ఎన్-ఎసిటైల్ గెలాక్టోసమైన్ అనే చక్కెర తగిలితే ఎ, గెలాక్టోస్ తగిలితే బి. ఏదీ తగలకుండా హెచ్ అలాగే మిగిలిపోతే ఓ. తగిలించే పని ఒక ఎంజైముది. దాన్ని తయారుచేసే జన్యువు 9వ క్రోమోజోమ్ మీద ఉంది. ఎ ఎంజైములోనూ బి ఎంజైములోనూ 354 అమైనో ఆమ్లాలుంటే, వాటిలో తేడా ఉన్నవి నాలుగే. సాధారణంగా కనిపించే ఓ ఇంకా సరళం: జన్యువులో 261వ చోట ఒక్క అక్షరం ఎగిరిపోయింది. అక్కడి నుంచి చదువు మొత్తం తప్పి, ఎంజైము మధ్యలోనే ఆగిపోతుంది. కాబట్టి ఓ అంటే వేరే రకం రక్తం కాదు, ఆ ఎంజైము పనిచేయకపోవడం.

చర్మం రంగును మార్చే జన్యువులు చాలా ఉన్నాయి. బాగా తెలిసిన వాటిలో ఒకటి 15వ క్రోమోజోమ్ మీద ఉంది. 9వ దాని మీద ఉన్నది బిడ్డకు వచ్చేటప్పుడు 15వ దాన్ని అడిగి రాదు. ప్రతి తరంలోనూ పేక ముక్కల్లా విడివిడిగా కలుస్తాయి. అందుకే రంగు ఒక దారిన, గ్రూపు ఇంకో దారిన పోతాయి.

ఈ అక్షరాలు మనుషులకంటే పాతవి

చాలామందికి తెలియనిది, నా లెక్కలో అన్నిటికంటే బలమైన కారణం ఇదే. ఎ, బి తేడా మనుషులతో మొదలు కాలేదు. గొరిల్లాల్లో బి ఉంది. చింపాంజీల్లో ఎక్కువగా ఎ, కొద్దిగా ఓ ఉన్నాయి. ఒరాంగుటాన్లలో, గిబ్బన్లలో ఎ, బి రెండూ ఉన్నాయి. ఆ జన్యువు అక్షరాలను పోల్చి చూసిన పరిశోధకులు 2012లో తేల్చిందేమిటంటే, మనుషుల్లోని ఎ, బి తేడా గిబ్బన్లకూ మనకూ ఉమ్మడి పూర్వీకుల నుంచే వచ్చిందని, దాని వయసు కనీసం రెండు కోట్ల సంవత్సరాలని.

ఆఫ్రికా నుంచి బయటికొచ్చి ఇప్పుడు మిగతా ఖండాల్లో నిండిన మనుషుల ప్రయాణం సుమారు 60, 70 వేల ఏళ్ల కిందటిది. రంగులో, రూపంలో కనిపించే తేడాల్లో చాలా భాగం దాని తర్వాతవే. బయల్దేరినవాళ్ల మూటలో ఎ, బి, ఓ మూడూ అప్పటికే ఉన్నాయి. దాదాపు ఎక్కడికి వెళ్లినా మూడూ వెళ్లాయి. నియాండర్తాల్ మనుషుల జన్యువుల్లో కూడా ఈ రకాలు దొరికాయి. మనుషులు విడిపోకముందే ఉన్న తేడాను, విడిపోయిన తర్వాత పెట్టుకున్న పేర్లతో కొలవడం కుదరదు.

మరి పాళ్లు ఎందుకు మారాయి

రెండు కారణాలు ప్రధానం. ఒకటి కేవలం అదృష్టం. కొద్దిమంది కొత్త నేలకు వెళ్లినప్పుడు వాళ్లలో ఏ అక్షరం ఎక్కువుంటే అదే ఆ నేల మీద పెరుగుతుంది. మధ్య, దక్షిణ అమెరికాల్లోని మూలవాసుల్లో చాలాచోట్ల దాదాపు అందరిదీ ఓ. ఉత్తర అమెరికాలోని బ్లాక్‌ఫుట్ తెగలో మాత్రం ఎ చాలా ఎక్కువ. రెండు వర్గాల పూర్వీకులూ ఈశాన్య ఆసియా మీదుగా వచ్చినవాళ్లే. పాత పుస్తకాలు ఇద్దరినీ ఒకే "జాతి"లో వేశాయి. గ్రూపులు చూస్తే ఇద్దరూ రెండు కొసల్లో ఉన్నారు.

రెండోది జబ్బులు. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ మలేరియా క్రిమిని దోమ కడుపులో చూసింది మన సికింద్రాబాద్‌లోనే, బేగంపేట దగ్గర. ప్రమాదకరమైన ఫాల్సిపారం మలేరియాలో, క్రిమి సోకిన ఎర్రకణం చుట్టూ మామూలు కణాలు పువ్వు రేకుల్లా అతుక్కుని సన్నని రక్తనాళాలను మూసేస్తాయి. ఎ, బి చక్కెరలు ఆ అతుకుకు జిగురులా పనికొస్తాయి. ఓ కణాల మీద ఆ చక్కెర లేదు కాబట్టి రేకులు చిన్నవిగా, వదులుగా ఏర్పడతాయి. మాలి దేశపు పిల్లల మీద చేసి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, తీవ్ర మలేరియా ఓ గ్రూపు పిల్లల్లో తక్కువగా కనిపించింది.

అలాగని ఓ అన్నిటా గెలవదు. కలరా సోకితే ఓ వాళ్లకే విరేచనాలు తీవ్రంగా అవుతాయి. కలరా తరతరాలుగా ఉన్న గంగా డెల్టాలో ఓ తక్కువగా ఉండటానికి అదే కారణమై ఉండొచ్చని ఈ రంగంలో చాలామంది భావిస్తారు. ఒక జబ్బు ఒక అక్షరాన్ని తగ్గిస్తే ఇంకో జబ్బు ఇంకో అక్షరాన్ని తగ్గిస్తుంది. అందుకే ఏదీ పూర్తిగా పోలేదు, ఏదీ అంతా ఆక్రమించలేదు. దోమకూ కలరా నీళ్లకూ జాతి సరిహద్దు తెలియదు. అవి ఉన్నచోట పాళ్లు మారతాయి, అదీ మెల్లమెల్లగా. యూరప్ పడమటి కొసన బి కొంచెమే ఉంటుంది. తూర్పుకు వచ్చేకొద్దీ పెరుగుతూ మధ్య ఆసియాలో, ఉత్తర భారతంలో బాగా ఎక్కువవుతుంది. ఈ దారిలో ఎక్కడ గీత గీస్తారు? ఎక్కడ గీసినా అటూ ఇటూ పక్క ఊళ్లలో పాళ్లు దాదాపు ఒకటే ఉంటాయి.

"బి ఆసియాది" అన్న మాట ఎక్కడ పుట్టింది

మొదటి ప్రపంచ యుద్ధంలో గ్రీసులోని సలోనికా దగ్గర అనేక దేశాల సైన్యాలు ఒకచోట చేరాయి. లుడ్విక్, హన్నా హిర్ష్‌ఫెల్డ్ అనే వైద్య దంపతులు అక్కడ వేలమంది గ్రూపులు చూసి 1919లో లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. ఇంగ్లిష్ సైనికుల్లో ఎ 43 శాతం, బి 7 శాతం. భారత సైనికుల్లో ఎ 19 శాతం, బి 41 శాతం. వాళ్ల కొలతలు నిజాయితీ గలవి. చిక్కు వచ్చింది ఆ తర్వాతి మెట్టులో. ఎ ఉన్నవాళ్లను బి ఉన్నవాళ్లతో భాగించి, ఎబి వాళ్లను రెండు వైపులా కలిపి, వచ్చిన సంఖ్యకు జీవరసాయన జాతి సూచిక అని పేరు పెట్టారు. ఇంగ్లిష్ వాళ్లకు 4.5 వచ్చింది, భారతీయులకు ఇంచుమించు అర. కానీ రష్యన్లకు 1.3, అరబ్బులకు 1.5! ఆ సూచికను నమ్మితే రష్యన్లు ఇంగ్లిష్ వాళ్లకంటే అరబ్బులకే దగ్గర. నాలుగు గ్రూపుల సమాచారాన్ని ఒక్క సంఖ్యలోకి కుదించి, దానికి ముందే సిద్ధంగా ఉన్న జాతి పేర్లు తగిలిస్తే వచ్చే తంటా ఇది.

1926లో జర్మనీలో బ్లడ్ గ్రూపుల మీద ఒక సంఘమే పెట్టి, బి గ్రూపును "తూర్పు జాతి" ముద్రగా చూపించాలని కొందరు చూశారు. జర్మన్లలోనే తూర్పుకు పోయేకొద్దీ బి పెరుగుతుండటంతో ఆ వాదం కాళ్లు నిలదొక్కుకోలేదు. యూదు కుటుంబంలో పుట్టిన లుడ్విక్ హిర్ష్‌ఫెల్డ్‌ను రెండో ప్రపంచ యుద్ధంలో వార్సా గెట్టోలో పెట్టారు. మనుషుల్ని జాతులుగా వేరుచేయాలన్న కోరిక ఎంత దూరం పోగలదో ఆయన జీవితం చూస్తే తెలుస్తుంది. అందుకే ఆఫీసు కబుర్లలో వచ్చినా నేను ఈ మాటను తేలిగ్గా వదలను.

లెక్క వేసి చూద్దాం

ఒక ఫంక్షన్ హాల్లో హైదరాబాదీలు 100 మంది, ఇంగ్లండ్ వాళ్లు 100 మంది ఉన్నారనుకోండి. ఎవరూ కనిపించరు, మీ చేతికి గ్రూపు చీటీలు మాత్రమే వస్తాయి. అసలు పాళ్లకు దగ్గరగానే, లెక్క సులువు కోసం సంఖ్యల్ని గుండ్రం చేస్తున్నాను. హైదరాబాద్ వైపు ఓ 40, బి 32, ఎ 21, ఎబి 7. ఇంగ్లండ్ వైపు ఓ 46, ఎ 42, బి 9, ఎబి 3.

చీటీ మీద బి ఉంటే మీరు హైదరాబాద్ అంటారు. బి వాళ్లు మొత్తం 41 మంది, అందులో 32 మంది విషయంలో మీ మాట నిజమవుతుంది. ఎబి అయినా హైదరాబాద్ అంటారు, 7 సరిపోతాయి. ఎ అయితే ఇంగ్లండ్ అంటారు, 42 సరిపోతాయి. ఓ వస్తే పెద్ద చిక్కు: 86 మందిలో 46 ఇంగ్లండ్, 40 మనవాళ్లు. ఇంగ్లండ్ అనడం తప్ప దారి లేదు, 46 సరిపోతాయి. అన్నీ కలిపితే 127. ఎంత తెలివిగా ఊహించినా 200 మందిలో 73 మంది విషయంలో తప్పుతారు. కళ్లు మూసుకుని బొమ్మా బొరుసూ వేసినా 100 ఎలాగూ సరిపోతాయి. గ్రూపు తెలిసినందుకు మీకు కలిసొచ్చింది 27 మాత్రమే.

ఇది పాళ్లు బాగా వేరుగా ఉన్న రెండు చోట్ల మధ్య లెక్క. ఇంగ్లండ్ బదులు పశ్చిమ ఆఫ్రికా నుంచి 100 మందిని పిలవండి. అక్కడ చాలాచోట్ల ఓ సగం దాకా, ఎ, బి చెరొక 23 దాకా, ఎబి 4 దాకా ఉంటాయి. అదే పద్ధతిలో లెక్కిస్తే సరిపోయేవి 112. రూపంలో మనకు దూరంగా కనిపించేవాళ్లు గ్రూపు పాళ్లలో ఇంగ్లండ్ వాళ్లకంటే మనకు దగ్గరగా వచ్చారు.

మరి ఒక గ్రూపు చాలకపోతే ఇంకొన్ని గుర్తులు కలిపితే? అప్పుడు ఒకదానికొకటి పొసగకపోవడం ఇంకా బాగా కనిపిస్తుంది. జపాన్‌లో ఎ దాదాపు 40 శాతం, అంటే ఇంగ్లండ్ పక్కన కూర్చోవాలి. బి 20 శాతం, కాబట్టి మన వైపు జరగాలి. అదే ఆర్‌హెచ్ నెగటివ్ చూస్తే ఇంగ్లండ్‌లో 15 శాతం దాకా, మన దగ్గర 5 దాకా, జపాన్‌లో అర శాతం దాకా. ఒక్కో గుర్తు ఒక్కో పటం గీస్తుంది.

ఇందులో దాచకూడని మినహాయింపు ఒకటుంది, డఫీ అనే గ్రూపు. వైవాక్స్ మలేరియా క్రిమి ఎర్రకణంలోకి దూరడానికి వాడుకునే తలుపు అది. పశ్చిమ ఆఫ్రికాలో దాదాపు అందరి ఎర్రకణాల మీదా అది లేదు, యూరప్‌లో దాదాపు అందరికీ ఉంది. ఇంత పదునైన తేడా మామూలు గ్రూపుల్లో దేనికీ లేదు. అయినా అరేబియా ద్వీపకల్పంలోనూ డఫీ లేనివాళ్లు చాలామంది ఉన్నారు. అది కూడా మలేరియా గీసిన పటమే.

జన్యుశాస్త్రవేత్త రిచర్డ్ లెవాంటిన్ 1972లో 17 జన్యువుల సమాచారం తీసుకుని ఇదే ప్రశ్న వేశారు. వాటిలో చాలా బ్లడ్ గ్రూపులే. మనుషుల మధ్య ఉన్న మొత్తం తేడాలో సుమారు 85 శాతం ఒకే జనాభా లోపలే ఉందని, జాతుల మధ్య అని చెప్పదగినది 6 శాతమేనని వచ్చింది. వేలాది జన్యు గుర్తులను ఒకేసారి చూస్తే ఒక మనిషి పూర్వీకులు ఏ ప్రాంతంవాళ్లో చాలావరకు చెప్పొచ్చు. అది నిజమే. కానీ ఆ పని ఒక్క బ్లడ్ గ్రూపు అక్షరం చేయలేదు.

క్యాంపు లెక్కలు చూసి మోసపోకండి

కుల సంఘాలు, అపార్ట్‌మెంట్ సంఘాలు రక్తదాన శిబిరం పెట్టి "మా వాళ్లలో ఫలానా గ్రూపు ఎక్కువ" అని వాట్సాప్‌లో తిప్పుతుంటారు. వందమందినే చూస్తే, అసలు పాలు 32 ఉన్నచోట కేవలం యాదృచ్ఛికంగానే 23 నుంచి 41 దాకా ఏదైనా రావచ్చు. పైగా శిబిరానికి అన్నదమ్ములు, బాబాయిలు కలిసి వస్తారు, ఒకే ఇంటి జన్యువు నాలుగుసార్లు లెక్కకొస్తుంది. ఓ నెగటివ్ వాళ్లనైతే పనిగట్టుకుని ఫోన్ చేసి మరీ పిలుస్తారు. ఎవరైనా శాతం చెప్తే, ఎంతమందిని చూశారు, వాళ్లలో బంధువులెంతమంది అన్న రెండు ప్రశ్నలు అడగండి.

పుట్టిన ప్రాంతం కొంత పనికొచ్చే చోటు

అరుదైన గ్రూపుల విషయంలో మాత్రం పూర్వీకుల ప్రాంతం వెతుకులాటకు దారి చూపుతుంది. మనకు బాగా సంబంధించినది బాంబే గ్రూపు. 1952లో భెండే, ఆయన సహచరులు బొంబాయిలో గుర్తించారు. మన దేశంలో సుమారు పదివేల మందిలో ఒకరికి ఉంటుందని లెక్క. యూరప్‌లో ఇంకా చాలా అరుదు. హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవిలోనూ ఉంది. వీళ్లకు పైన చెప్పిన హెచ్ పునాది గొలుసే ఉండదు. కాబట్టి జన్యువులో ఎ ఉన్నా బి ఉన్నా తగిలించడానికి కొక్కెం లేదు.

పలక పరీక్షలో వీళ్ల రక్తం అచ్చం ఓ లాగే ఉంటుంది. నీలంలోనూ పసుపులోనూ రవ్వలు కట్టదు. దొరికేది రివర్స్ గ్రూపింగ్‌లో, అంటే వీళ్ల ప్లాస్మాను తెలిసిన కణాలతో కలిపినప్పుడు. మామూలు ఓ మనిషి ప్లాస్మా ఎ కణాలను, బి కణాలను గుంపు కడుతుంది, ఓ కణాలను తాకదు. బాంబే మనిషి ప్లాస్మా ఓ కణాలను కూడా అంతే గట్టిగా గుంపు కడుతుంది, ఎందుకంటే అందులో హెచ్‌ను పట్టుకునే యాంటీ-హెచ్ అనే యాంటీబాడీ ఉంటుంది. రివర్స్‌లో ఓ కణాల గొట్టం పెట్టకుండా వదిలేస్తే బాంబే మనిషికి ఓ అని చీటీ రాసేస్తారు. ఆ చీటీ నమ్మి ఓ రక్తం ఎక్కిస్తే, ఎక్కించిన కణాలు పగిలిపోయి ప్రాణం మీదికి వస్తుంది. ఓ కణాలు గుంపు కట్టిన ప్రతిసారీ బాంబే అనుకోకూడదు, వేరే యాంటీబాడీ వల్ల కూడా అలా జరగొచ్చు. రోగి సొంత కణాలతో ఒక గొట్టం పెట్టి, హెచ్‌కు అతుక్కునే ప్రోటీన్ అయిన యాంటీ-హెచ్ లెక్టిన్‌తో కణాలను పరీక్షించాలి. ఓ కణాలు ఆ లెక్టిన్‌తో బలంగా గుంపు కడతాయి, బాంబే కణాలు అసలు కట్టవు.

తల్లిది ఓ అని రాసి ఉండి బిడ్డది ఎబి వస్తే ఇంట్లో అనుమానాలు రేగకముందే ఈ పరీక్ష చేయించాలి. తల్లి లోపల దాగిన బి, కొక్కెం ఉన్న బిడ్డలో బయటపడి ఉండొచ్చు.

బాంబే రోగికి రక్తం కావాలంటే బాంబే దాతే కావాలి. ఈ లక్షణం తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తేనే బయటపడుతుంది. తల్లిదండ్రులిద్దరిదీ మామూలు రక్తమైతే, రోగి తోడబుట్టిన ఒక్కొక్కరికీ బాంబే అయ్యే అవకాశం నాలుగింట ఒక వంతు. పదివేలలో ఒకరి కోసం ఊరంతా గాలించడంకంటే ఇది ఎంతో మెరుగు. కాబట్టి ముందు అన్నదమ్ముల్ని, అక్కచెల్లెళ్లను పిలిపించి రివర్స్ గ్రూపింగ్ చేస్తారు, ఆ తర్వాతే అరుదైన దాతల జాబితా తీస్తారు.